కార్డు పంపినవాడు తానే ఎందుకు రాలేదు: ఒక యువ రచయితకు లేఖ

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ అందింది. భార్యను పోగొట్టుకున్న ఒక వృద్ధుడు, తనకు టపాలో వచ్చిన సానుభూతి కార్డులను రోజూ సాయంత్రం ఒక్కొక్కటిగా తీసి చదువుకుంటూ, ఎప్పుడో మరచిపోయిన స్నేహితులను మళ్ళీ కనుగొనడం నువ్వు ఎంచుకున్న విషయం. ఆరంభం బాగుంది. ఆ మనిషి మీద నీకున్న ప్రేమ ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అయినా మూడో పేజీ దాటేసరికి కథ నడక ఆగిపోతోందని, అది ఎందుకో అంతుపట్టడం లేదని నువ్వే రాశావు. ఆ ఒక్క సంగతి గురించే ఈ లేఖ రాస్తున్నాను. భాష గురించీ అచ్చుతప్పుల గురించీ మరోసారి మాట్లాడుకుందాం.

నీ కథలో పదకొండు కార్డులు, పదకొండు సాయంత్రాలు ఉన్నాయి. ప్రతి సాయంత్రం అతను కవరు విప్పుతాడు, చదువుతాడు, ఆ స్నేహితుడితో గడిపిన ఒక మంచి రోజును తలచుకుంటాడు, కళ్ళు తుడుచుకుంటాడు. మూడో కార్డుకే పాఠకుడికి ఈ వరుస తెలిసిపోతుంది. నాలుగో కార్డు నుంచి అతను జరగబోయేది ముందే ఊహించి పేజీ తిప్పేస్తాడు. పదకొండును ఐదు చేసినంత మాత్రాన ఇది సరికాదు, ఎందుకంటే లోపం కార్డుల సంఖ్యలో లేదు. ఈ మనిషి కార్డు ఎందుకు పంపాడు, తానే ఎందుకు రాలేదు అన్న ప్రశ్నను ఆ పదకొండు మందిలో ఒక్కరి విషయంలోనూ నువ్వు వేసుకోలేదు.

మన ఊళ్ళో ఎవరింట్లోనైనా మరణం సంభవిస్తే మనుషులు వస్తారు. మొదటి రోజు రాలేనివారు పదో రోజులోపు వస్తారు, అదీ కుదరనివారు పెద్దకర్మకో, క్రైస్తవుల ఇల్లయితే ఆదరణ కూడికకో వస్తారు. గాజువాక నుంచి మధురవాడ దాకా ప్రయాణం చేసి వచ్చి, పది నిమిషాలు మౌనంగా కూర్చుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా లేచి వెళ్ళిపోవడమే మనకు పలకరింపు. రాలేనివారు ఫోను చేస్తారు. పిల్లలు వాట్సాప్‌లో జోడించిన చేతుల బొమ్మ పంపుతారు. అటువంటి ఊరికి, ఈ రోజుల్లో, ఒక మనిషి దుకాణంలో కార్డు కొని, అచ్చయిన మాటల కింద తన చేత్తో రెండు వాక్యాలు రాసి, స్టాంపు అంటించి పంపాడంటే అతనికి వేరే దారి లేకపోయి ఉండాలి. అతను రాలేనంత దూరంలో ఉన్నాడు, లేదా కదలలేని స్థితిలో ఉన్నాడు, లేదా వచ్చి ఎదురుగా కూర్చునే ముఖం అతనికి లేదు. ఫోను కూడా చేయలేదంటే నంబరు తెలియకపోయి ఉండాలి, లేదా తన గొంతు వినిపించడానికి భయపడి ఉండాలి. పత్రికలో శ్రద్ధాంజలి ప్రకటన కింద వేసిన ఇంటి చిరునామా ఒక్కటే అతనికి దొరికింది. నీ కథలో మరచిపోయిన స్నేహితులంటే నిజానికి ఇటువంటివారే, ఒకరి నంబరు ఒకరి దగ్గర లేనివారే.

ఈ దృష్టితో నీ ప్రతిని మళ్ళీ చూసుకో. నీ రెండో స్నేహితుడు సీతమ్మధారలో ఉంటాడు, నీ వృద్ధుడి ఇల్లు అక్కయ్యపాలెంలో ఉంది. నడిచి రాగలిగిన దూరంలో ఉన్న మనిషి కార్డు పంపి ఊరుకున్నాడని నువ్వు ఏ వివరణా లేకుండా రాసినప్పుడు విశాఖ పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. అతను మంచం మీద ఉన్నాడనో, వీరిద్దరికీ మాటలు లేవనో ఒక్క వాక్యంలో తెలిసేలా చేసి ఉంటే అదే కార్డు కథకు బలమయ్యేది.

తరువాత ఆ ఇంటి సంగతి. మరణవార్త తెచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చింపి బయట పారేసే అలవాటు మన ఇళ్ళలో చాలాచోట్ల ఉంది. సానుభూతి కార్డు మరణవార్త కాకపోయినా, దాన్ని నెలల తరబడి ఇంట్లో దాచుకోవడానికి పెద్దవాళ్ళు సంకోచిస్తారు. నీ కథలో కోడలు ఆ కార్డులన్నిటినీ దేవుడి గూటి పక్కన వరుసగా నిలబెడుతుంది. అది ఎక్కడో పరదేశపు కథలో చూసిన గదిలా ఉంది గాని మన ఇంటిలా లేదు. దీనికి రెండు మార్గాలున్నాయి. అతను దాచుకోవడం, ఇంట్లోవారు వద్దనడం అన్న ఘర్షణనే కథలోకి తెచ్చుకోవచ్చు, కాని అప్పుడు కథ కోడలివైపు మళ్ళిపోతుంది, స్నేహితులు వెనక్కి తగ్గుతారు. నేనైతే రెండో మార్గం పడతాను. కార్డులు రావడం, వాటిని దాచుకోవడం సహజంగా ఉండే ఇంటిని ఎంచుకుంటాను. 1805లో లండన్ మిషన్ వారు వచ్చిన నాటి నుంచి ఈ ఊళ్ళో క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. చనిపోయిన భార్యను కింగ్ జార్జ్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని చెయ్యి. ఆమెతో పనిచేసినవారు, ఆమె దగ్గర పని నేర్చుకున్నవారు కేరళలోనూ గల్ఫులోనూ ఇంగ్లండులోనూ ఉంటారు. వారి నుంచి కార్డులు రావడం ఎవరికీ వింతగా తోచదు. వాటి మధ్యలో అతని స్నేహితుల కార్డులు ఒకటీ అరా కలిసి వస్తాయి, అతను వెతుక్కోవలసి వస్తుంది.

అతని ఉద్యోగాన్ని నువ్వు ‘ఆఫీసు’ అని వదిలేశావు. అలా వదలవద్దు, ఎందుకంటే ఏ ఉద్యోగం చేసినవాడు అన్నదాని మీదే అతను కార్డును ఎలా చూస్తాడన్నది ఆధారపడుతుంది. నీ ఊళ్ళోనే హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది. అక్కడ మోల్డ్ లాఫ్టు అని ఒక పెద్ద హాలు ఉండేది. కంప్యూటర్లు రాకముందు ఓడ రేఖలను అసలు కొలతలోనే ఆ చెక్క నేల మీద గీసేవారు. మోకాళ్ళ మీద కూర్చుని, సన్నని పొడవాటి చెక్కబద్దను వంచి, అది సహజంగా తిరిగిన వంపు వెంట గీత గీయడం ఆ పని. బ్యాటన్ అనే ఆ బద్ద పొడుగ్గా ఉంటుంది కనుక ఒక్కడి వల్ల కాదు, రెండో కొసను పట్టుకోవడానికి ఇంకొకడు కావాలి. నీ వృద్ధుణ్ణి అక్కడ పనిచేసినవాణ్ణి చెయ్యి. అటువంటివాడు కవరు చేతికి రాగానే పేరు చదవడు, అక్షరం చూస్తాడు. డ్రాయింగు మీద రాయడానికి అలవాటుపడిన చేతుల్లో అంకెలకూ పెద్ద అక్షరాలకూ ఒక నిలకడ ఉంటుంది, అది డెబ్బయ్యేళ్ళు దాటాక వణికినా పోదు. స్నేహితుణ్ణి పేరుతో కాకుండా చేతిరాతతో గుర్తుపట్టే అవకాశం నీకు దీనివల్ల వస్తుంది.

మరపు విషయంలో నీ కథ తలకిందులుగా ఉంది. నీ వృద్ధుడు పదేళ్ళ కిందటి పొరుగువారిని స్పష్టంగా గుర్తుపెట్టుకుని, ఇరవై ఏళ్ళ వయసునాటి స్నేహితులను పూర్తిగా మరచిపోయాడని రాశావు. ముసలితనంలో జ్ఞాపకం సాధారణంగా అలా ఉండదు. సుమారు పదేళ్ళ వయసు నుంచి ముప్పై ఏళ్ళ వరకు జరిగినవే వృద్ధులకు ఎక్కువగా, తేలికగా గుర్తుకు వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనిస్తున్నారు. మసకబారేది నడివయసు. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు, షిఫ్టుల మార్పు మధ్య పరిచయమై, అంతే తొందరలో దూరమైనవారు ముందుగా చెరిగిపోతారు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అన్నిటికంటే ముందు పోయేది పేరు. మనిషి నడక, నవ్వు, అతను ఎక్కడ కూర్చుని అన్నం తినేవాడో అన్నీ ఉంటాయి, పేరు ఒక్కటే నాలుక మీదికి రాదు. కార్డు విషయంలో ఇది తిరగబడుతుంది, పేరు ఎదురుగా ఉంటుంది, మనిషి ఉండడు. అందుచేత నీ వృద్ధుడు పేరు చదివి ఏమీ తోచక కార్డును పక్కన పెట్టాలి, మర్నాడు స్నానం చేస్తున్నప్పుడో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నప్పుడో ఆ మనిషి చటుక్కున మెదలాలి. కార్డు చదివిన క్షణంలోనే జ్ఞాపకం పొంగిపొర్లినట్టు రాయడం సౌకర్యంగా ఉంటుంది, కాని అలా జరగదు. చదవడానికీ గుర్తురావడానికీ మధ్య ఒక రాత్రి ఎడం పెట్టు. అప్పుడు సాయంత్రాలు ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి, నువ్వు విడిగా అతికించనవసరం ఉండదు.

ఇప్పుడు కార్డుల దగ్గరకు వద్దాం. ఇంటికి ముప్పై కార్డులు వచ్చాయనుకో. వాటిలో నాలుగింటిని మాత్రమే పాఠకుడి చేతిలో పెట్టు, మిగిలినవి ఒక పేరాలో గడిచిపోవాలి. అచ్చయిన ఇంగ్లీషు పద్యాలను మొదటి కార్డు దగ్గర ఒకసారి ప్రస్తావించి, ఆ తరువాత వాటి జోలికి పోవద్దు. నువ్వు ఆ పద్యాలను ప్రతిచోటా తెలుగులోకి దించి రాశావు, అందువల్లే పేజీలు బరువెక్కాయి. కింద చేత్తో రాసిన రెండు వాక్యాలే నీ కథ.

మొదటి కార్డు అతని స్నేహితుడిది కాకూడదు. కొట్టాయం నుంచి ఒక రిటైరైన నర్సు రాసింది, నైట్ డ్యూటీల్లో అక్క తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టేది అని. అంతే. నిండు డబ్బా పట్టుకెళ్ళి కూడా ఆమె తెల్లవారి ఆకలితో ఇంటికి రావడం అతనికి అప్పట్లో అర్థమయ్యేది కాదు, అడిగితే ఆమె నవ్వి ఊరుకునేది. ఈ చిన్న కార్డు చేసే పని చాలా పెద్దది. తనకు తెలియని భార్య ఈ కవర్లలో ఉందని అతనికి తెలుస్తుంది. అందుకే రెండో సాయంత్రం ఇంకొకటి తీస్తాడు. నీ ప్రతిలో అతను రోజూ ఎందుకు చదువుతున్నాడో చెప్పడానికి ఒంటరితనం గురించి ఒక పేరా రాశావు. ఈ కార్డు ఉంటే ఆ పేరా అక్కరలేదు.

రెండో కార్డు చేతిరాతది. 1970లలో కొచ్చిలో కొత్త షిప్‌యార్డు మొదలైనప్పుడు ఇక్కడ పని తెలిసినవారు కొందరు అక్కడికి వెళ్ళారనుకోవడం కథకు సహజంగానే ఉంటుంది. అలా వెళ్ళిన సహోద్యోగి, బ్యాటన్ రెండో కొసను పట్టుకున్నవాడు. కవరు మీద పిన్ కోడ్ అంకెలు చూడగానే వృద్ధుడికి చెక్క నేల వాసన తగలాలి, మనిషి తరువాత రావాలి. ఇక్కడ కొంచెం తీరికగా ఉండు, ఆ హాలు చూపించు, ఎందుకంటే కథలో సంతోషంగా ఉన్న చోటు ఇదొక్కటే. వీరిద్దరూ ఎందుకు విడిపోయారన్నదానికి కారణం వెతకవద్దు. ఊరు మారారు, మొదటి ఏడాది క్రిస్మసుకు ఒక ఉత్తరం, రెండో ఏడాది లేదు. చాలా స్నేహాలు అలాగే పోతాయి, కథలో ఒకటైనా అలా పోయినది ఉంటేనే తరువాత వచ్చే నాలుగో కార్డు ఎంత వేరో తెలుస్తుంది.

మూడో కార్డు గుర్తుకు రాకూడదు. దీనిమీద నేను గట్టిగా పట్టుబడతాను. పూర్తి పేరు, చిరునామా, కింద ‘మీరు చేసిన సాయం ఎన్నటికీ మరువను’ అన్న ఒక్క వాక్యం. అతను రెండు సాయంత్రాలు ప్రయత్నిస్తాడు, కొడుకును అడుగుతాడు, చర్చిలో పెద్దవారిని అడుగుతాడు, తాను చేసిన సాయం ఏమిటో అతనికి చివరిదాకా తెలియదు. నీ ప్రతిలో పదకొండుకు పదకొండు జ్ఞాపకాలూ తిరిగి వచ్చాయి, వృద్ధుడు ఒక్కసారైనా ఓడిపోలేదు. ఓటమి లేకపోతే మిగిలినవి దొరకడం విలువైనదని పాఠకుడికి తోచదు. చివర్లో ఆ మనిషి ఎవరో తేల్చి పాఠకుణ్ణి ఊరడించాలని నీకు అనిపిస్తుంది, అనిపించినా తేల్చకు.

నాలుగోది కథకు గుండె. అది ఆలస్యంగా రావాలి, ఆమె పోయిన రెండు నెలలకు, ఇక కార్డులు రావనుకున్న తరువాత. ఆ ఆలస్యాన్ని తపాలా ముద్ర మీద తేదీ చెబుతుంది, నువ్వు చెప్పనవసరం లేదు. దళసరి కార్డు, మన మామూలు కవరుకు ఐదు రూపాయల స్టాంపు ఇరవై గ్రాముల వరకే చెల్లుతుంది, ఇది అంతకు మించింది. స్టాంపు తక్కువైతే ఆ తక్కువైనదానికి రెట్టింపు పుచ్చుకునే వారివద్ద వసూలు చేస్తారు. కనుక మధ్యాహ్నం పోస్ట్‌మాన్ వచ్చి పది రూపాయలు అడుగుతాడు, వృద్ధుడు ఇచ్చి కవరు తీసుకుంటాడు. పంపినవాడి పేరు చదివేది ఆ తరువాత.

ఆ పేరు అతను మరచిపోయినది కాదు, పలకడం మానేసినది. ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పు కావాలంటే తోటి ఉద్యోగులు జామీను ఉండాలి. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే జామీనుదారు జీతంలోంచి కోస్తారు. ఈ మనిషికి మన వృద్ధుడు జామీను సంతకం పెట్టాడు, అతను కొన్ని నెలలకు ఉద్యోగం వదిలి, చెప్పకుండా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి జీతం చీటీలో ఆ కోత కనబడుతూ వచ్చింది. ఇంట్లో ఆ పేరు ఎత్తవద్దని అతను భార్యతో చెప్పాడు, ఆమె ఎత్తలేదు. ఇదంతా కార్డు విప్పకముందు, నాలుగైదు వాక్యాల్లో, కోపం చల్లారని మనిషి గొంతుతో రావాలి.

ఇక కార్డులో ఏముండాలి? ఇక్కడే కొత్త రచయితలు కార్డును ఉత్తరంగా మార్చేస్తారు. నీకూ అదే జరిగింది, నీ తొమ్మిదో కార్డులో ఒక మనిషి తన జీవితమంతా చెప్పేశాడు. కార్డులో అంత చోటు ఉండదు, కార్డు ఎంచుకున్నవాడికి అంత ధైర్యమూ ఉండదు. ఒక్క వాక్యం చాలు: ‘ఆమె సంతకం చేసిన మనియార్డరు రసీదులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.’ మనియార్డరు పంపినవాడికి, డబ్బు అందుకున్నవారు సంతకం చేసిన చీటీ ముక్క తిరిగి వచ్చేదని పాత పాఠకుడికి తెలుసు, కొత్త పాఠకుడికి వృద్ధుడి ఆలోచనలో ఒక మాటతో తెలిసిపోతుంది. అంటే ఆ మనిషి అప్పు కొంచెం కొంచెంగా తీర్చాడు, ఆమె అందుకుంది, భర్తకు చెప్పలేదు. క్షమించమని గాని, నీ ముందుకు వచ్చే ధైర్యం లేదని గాని కార్డులో రాయించకు. రాయాలని నీ చెయ్యి పీకుతుంది. అతను రాలేదన్న నిజమే ఆ మాట చెబుతోంది.

ఈ వాక్యం నిలబడాలంటే ముందుగా ఒక చిన్న ఏర్పాటు చేసుకోవాలి. ఆమెకు మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది దాకా డ్యూటీ పడే వారాలు ఉండేవి, అతను పొద్దున్నే షిప్‌యార్డు బస్సెక్కి వెళ్ళేవాడు. పోస్ట్‌మాన్ వచ్చే వేళకు ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే. ఈ సంగతిని కథ మొదట్లోనే, వేరే సందర్భంలో చెప్పు. అతను సాయంత్రాలే కార్డులు చదవడానికి కారణం కూడా ఇదే కావచ్చు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో ఒంటరిగా ఉండి, ఆమె డ్యూటీ నుంచి వచ్చేవరకు ఎదురుచూడడం అతనికి యౌవనం నుంచి అలవాటైన పని. మధ్యాహ్నం వచ్చిన కవరును విప్పకుండా సాయంత్రం దాకా బల్ల మీద ఉంచడానికి ఇంతకంటే వేరే సమర్థన అక్కరలేదు. ఇలా ఒకే వివరం రెండు పనులు చేస్తే పాఠకుడు దాన్ని ఏర్పాటుగా గమనించడు.

ఆమె ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి అతని చేత బీరువా తెరిపించకు, డైరీ దొరికించకు, బ్యాంకు పాసుపుస్తకం చూపించకు. ఆ ఇరుకు సంవత్సరాల్లో కూడా ఇల్లు ఎలా గడిచిందో, పిల్లవాడి కాలేజీ ఫీజు ఎలా అమరిందో అతను ఆమె పొదుపు అనుకున్నాడు. ఆ తలపు ఒక్కసారి మెరిసి పోతే చాలు. చెబితే అతను పౌరుషంతో డబ్బు వెనక్కి పంపేసేవాడని ఆమెకు తెలుసు, ఆ సంగతి ఇప్పుడు అతనికీ తెలుసు. పాఠకుడు ఇంతవరకు తనంతట తానే వస్తాడు.

నీ ప్రతిలో నాకు బాధ కలిగించిన విషయం ఇంకొకటి చెప్పాలి. స్నేహితులు ఒక్కొక్కరుగా తిరిగి వస్తున్నకొద్దీ చనిపోయిన మనిషి కథలోంచి మాయమైపోయింది. ఆరో కార్డు తరువాత ఆమె ప్రస్తావనే లేదు. కార్డులు వచ్చింది ఆమె పోయినందుకని రచయితే మరచిపోతే కథ కఠినంగా కనబడుతుంది. అలాగని అతను కూర్చుని ఆమెను నేరుగా తలచుకునే పేరాలు చేర్చమని చెప్పడం లేదు. ఆమె ఇతరుల వాక్యాల్లోంచే రావాలి. టిఫిన్ డబ్బా, రసీదు మీద సంతకం, కొచ్చి మిత్రుడి కార్డులో ‘ఆమె చేతి చేపల పులుసు’ అన్న ఒక్క మాట. అతని స్నేహితులను అతనికి తిరిగి ఇస్తున్నది ఆమెనే అని పాఠకుడికి అందుతుంది, ఆ మాట మాత్రం కథలో ఎక్కడా రాయవద్దు.

చివరి సన్నివేశానికి వస్తే, నువ్వు అతన్ని ఆర్.కె. బీచికి తీసుకెళ్ళి, సూర్యుడు సముద్రంలో కుంగుతుంటే చూస్తూ నిలబెట్టావు. మన సముద్రం తూర్పున ఉంది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు గాని అందులో అస్తమించడు. సాయంత్రం బీచిలో నిలబడితే సూర్యుడు వెనక ఊరి మేడల చాటున ఉంటాడు, వాటి నీడలు ఇసుక మీదికి పాకుతాయి. డిసెంబరు మొదట్లో ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. నీ కథ ఏ నెలలో మొదలై ఏ నెలకు వస్తుందో నిర్ణయించుకుంటే, కార్డు చదివే గదిలో దీపం ఎప్పుడు వేస్తాడన్నది దానంతటదే మారుతూ కాలం గడవడాన్ని చెబుతుంది. ఇంకొక మాట, గది కిటికీ తూర్పు వైపు ఉంటే అక్కడ సాయంత్రపు వెలుగు ఉండదు. కంటి శుక్లాల ఆపరేషను అయిన మనిషి ఎక్కడ కూర్చుని చదువుతాడో నీకు తెలిసి ఉండాలి.

బీచి నీ కథకు అవసరమని నాకు అనిపించడం లేదు. ఆ నాలుగో స్నేహితుడి చేత ఇంటి తలుపు కొట్టించడం కూడా వద్దు, ఎందుకంటే రాలేకపోవడమే అతని స్వభావమని కథ అంతా చెప్పిన తరువాత రప్పిస్తే కథ తన మాట తానే తప్పినట్టు అవుతుంది. అతను చనిపోయాడని చివర్లో తెలియజేయడం అంతకంటే సులువైన దారి, అదీ వద్దు. వృద్ధుడు జవాబు రాయాలి. ఏం రాశాడో పాఠకుడికి చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే అతను రాసిన మొదటి వాక్యం మాత్రం చూపించి ఆపుతాను. ఆ వాక్యంలో అప్పు ఊసు, క్షమాపణ ఊసు ఉండవు, ఆమె ఏ రోజున, ఏ వార్డులో, ఎంత సేపు బాధపడి పోయిందో ఉంటుంది. దగ్గరివారికి మాత్రమే ఆ వివరాలు చెబుతారు.

కథ మొత్తం ఇప్పుడే తిరగరాయవద్దు. ముందుగా పోస్ట్‌మాన్ పది రూపాయలు తీసుకున్నప్పటి నుంచి వృద్ధుడు కార్డు మూసేదాకా ఉన్న భాగం ఒక్కటే రాయి. అది మూడు పేజీలు మించకూడదు. అది కుదిరితే దానికి ముందు ఏమేమి తెలిసి ఉండాలో నీకే తేటపడుతుంది, మిగిలిన మూడు కార్డులూ ఆ అవసరాన్ని బట్టి చిన్నవో పెద్దవో అవుతాయి. మోల్డ్ లాఫ్టు పని గురించి రాసేముందు గాంధీగ్రామ్‌లోనో మల్కాపురంలోనో రిటైరైన వారిని ఎవరినైనా కలిసి, బద్దను ఎలా వంచేవారో, దాన్ని నేలకు దేనితో బిగించేవారో, కాళ్ళకు ఏమి వేసుకునేవారో అడిగి తెలుసుకో. సంక్రాంతి వెళ్ళిన వారంలో ఆ మూడు పేజీలు నాకు పంపించు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి